మడత పెట్టని పుస్తకం

ఆమెను అందరూ జిగురక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం పుస్తకంలో ఉండేది, నాలుకల మీద ఉండేది కాదు. ముప్పై ఏళ్ళుగా అచ్చాఫీసు వెనకగదిలో పుస్తకాలు కుట్టి, అట్టలు అతికి, కుడిచేతి బొటనవేలి గోరు చుట్టూ ఎండిన మైదా జిగురు ఒక తెల్లటి ఉంగరంలా మిగిలిపోయింది. ఎంత తోమినా అది పోదు. పోయిన రోజు తనను ఎవరూ గుర్తుపట్టరని ఆమే నవ్వేది.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పదేళ్ళప్పుడు, అన్న కొత్త పాఠ్యపుస్తకంలో ఇన్ని కాగితాలు ఊడిపోకుండా ఎలా నిలబడుతున్నాయో చూద్దామని బ్లేడుతో వీపు కోసి, దారాలన్నీ పీకి, మళ్ళీ పాత రంధ్రాల్లోంచే కుట్టింది. అట్ట తలకిందులుగా అతికింది. అన్న ఏడ్చాడు, నాన్న చెవి మెలిపెట్టాడు. పుస్తకం మాత్రం ఏడాదంతా ఊడలేదు. అప్పటినుంచి ఏది చూసినా దాని లోపల ఏముందో విప్పి చూడాలన్న ఆరాటం ఆమెను వదల్లేదు. మనుషులనే విప్పి చూడటం కుదరదు. ఈ కథ ఆ తంటా గురించే.

వెనకగదిలో పొడవాటి బల్ల ఒకటి. ఒక కొసన జిగురక్క కుట్టేది. రెండో కొసన ఆమె స్నేహితురాలు కాగితాలు మడతపెట్టేది. అచ్చయిన పెద్ద కాగితాన్ని అక్కడ ఫారం అంటారు. ఒక ఫారానికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం పదహారు పేజీలు. మూడు మడతలు పెడితే అవి వరసలో నిలబడి చిన్న కట్టగా మారతాయి. ఆ మడతలు పెట్టే మనిషిని మడత అని పిలిచేవాళ్ళు. "జిగురూ మడతా లేకపోతే ఈ ఊళ్ళో పుస్తకం లేదు" అని టీకొట్టు అతను వేళాకోళమాడేవాడు. ఇద్దరూ పంతొమ్మిదేళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. అందులో ఆరేళ్ళు మేడమీద ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే గొడుగు కింద నడిచారు.

మడత పెళ్ళాడిన మనిషి పనిచేసే కర్మాగారం సముద్రం అవతలికి తరలిపోయింది. ఆమె కూడా వెళ్ళింది. ఇది జరిగి పదకొండేళ్ళు. అక్కడ ఒక పెద్ద ఆసుపత్రి చాకిరేవులో దుప్పట్లు మడతపెట్టే పని దొరికిందని మొదటి ఫోనులోనే చెప్పి, "చూశావటే, నా రాత కూడా మడతే" అంది. మొదట్లో వారానికోసారి మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత నెలకోసారి అయింది. తర్వాత ఎవరో ఒకరికి గుర్తొచ్చినప్పుడు, అదీ ఎక్కువగా జిగురక్కకే గుర్తొచ్చేది.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో వెనకగది పైకప్పు కారింది. జిగురక్కకు పాత వాన ఒకటి గుర్తొచ్చి, ఆ సాయంత్రమే ఫోను చేసింది. ఒకసారి ఇలాగే కారితే రాత్రికి వెళ్ళాల్సిన ఫారాలు తడవకుండా ఇద్దరం పరదా పట్టుకుని గంటసేపు నిలబడ్డాం, గుర్తుందా అని అడిగింది.

అవతలినుంచి మడత అలసిన గొంతుతో, "నాకవేవీ గుర్తుండటం లేదే. అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పనికెళ్ళాలి, ఉంటాను" అంది.

జిగురక్కకు కోపం రాలేదు. కోపమైతే తేలికే, రెండు తిట్లు తిట్టుకుంటే పోతుంది. ఆమెకు కలిగింది అనుమానం. పంతొమ్మిదేళ్ళ స్నేహం రెండు చేతుల చప్పుడని అనుకుంటూ ఉంటే, ఇన్నాళ్ళూ తానొక్కతే ఒక చేతిని గాలిలో ఊపుతోందా? నిజంగా మరిచిపోయిందా, లేక ఆ రోజు ఒళ్ళు బాగాలేక అలా అందా? అడిగితే "ఏం లేదే" అంటుంది. అడక్కుండా తెలుసుకోవాలి.

రెండు నెలల్లో మడతకు యాభై నిండుతాయి. ఏదైనా చేసి పంపాలి, కొని కాదు. కొనే తాహతు ఎలాగూ లేదు. టపా ఖర్చు భరిస్తే అదే గొప్ప.

ఇంట్లో వదిన ఈ సంగతి విని నడుం బిగించింది. వదిన చేతిలో ఫోను ఉంటే అరచేతిలో ప్రపంచం ఉన్నట్టే. సీసాలో యాభై చీటీలు వేసి పంపమంది. చీటీకో జ్ఞాపకం, రోజుకోటి తీసి చదువుకుంటుందని. సీసా బరువు, పగిలే గుణం తలుచుకుని జిగురక్క తల అడ్డంగా ఊపింది. అయితే ఫోటోలన్నీ అతికి ఒక పుస్తకం చెయ్యమంది వదిన. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటే ఉంది, అందులోనూ మడత కళ్ళు మూసుకుంది. పోనీ ఊలుతో మెడపట్టీ అల్లమంది. దానికి జిగురక్క, "చలి తీరుతుంది వదినా, నాకు కావలసింది తీరదు" అంది.

"నీకేం కావాలి?"

"దానికి ఏం గుర్తుందో కావాలి."

వదిన ఫోను పక్కన పెట్టేసింది. "కానుక ఇచ్చి లెక్కల పరీక్ష పెడతావా తల్లీ? నీలాంటి స్నేహితురాలు పగవాళ్ళకి కూడా వద్దు."

వదిన వేళాకోళమే జిగురక్కకు దారి చూపింది. పుస్తకమే చెయ్యాలి. తనకు వచ్చింది అదే. ఎడమ పేజీలో తనకు గుర్తున్నది తాను రాస్తుంది. ఎదురుగా కుడి పేజీ ఖాళీగా వదిలేస్తుంది. అవతలి మనిషికి ఏమైనా గుర్తుంటే అక్కడ రాసుకుంటుంది. లేకపోతే ఆ పేజీ తెల్లగానే ఉండిపోతుంది. అందులో పరీక్ష ఏమీ లేదని తనకు తాను చెప్పుకుంది. మనసు మాత్రం నమ్మలేదు.

కాగితం బీరువా అడుగున ఉంది. మడత వెళ్ళిపోయే ముందు ఇద్దరూ కలిసి చేసిన చివరి పుస్తకానికి తెప్పించిన మీగడ రంగు కాగితంలో రెండు పెద్ద తావులు మిగిలాయి. అవి ఎందుకూ పనికిరావని యజమాని అన్నా ఆమె పారేయలేదు. రెండు తావులంటే రెండు ఫారాలు, ముప్పై రెండు పేజీలు. మూడోది లేదు. తప్పు చేస్తే దిద్దుకోవడానికి అలాంటి కాగితం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

రాయబోయే ముందు ఆమె ఇంకో పని పెట్టుకుంది. తనకు గుర్తున్నవి నిజమేనా? అవతలి మనిషి జ్ఞాపకాన్ని తూచే ముందు తన తక్కెడ సరిగా ఉందో లేదో చూసుకోవాలి కదా. ఆదివారం పూట వాళ్ళు అద్దెకున్న మేడ దగ్గరికి వెళ్ళి మెట్లు లెక్కపెట్టింది. తనకు గుర్తున్నవి పద్నాలుగు. ఉన్నవి పదిహేడు. పై గదిలో ఇప్పుడుంటున్న ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలని అడిగింది. "ఎవరూ వద్దండీ, మెట్లు కావాలి" అని జిగురక్క మళ్ళీ దిగుతూ ఇంకోసారి లెక్కపెట్టింది. ఆవిడ తలుపు గడియ వేసుకున్న చప్పుడు కిందిదాకా వినపడింది. టీకొట్టు బల్ల ఆకుపచ్చ అనుకుంది, అది ఎప్పుడూ నీలమేనట. ఫారాల పెట్టెలో పిల్లి పెట్టిన పిల్లలు మూడనుకుంది. నాలుగని టీకొట్టు అతను ఒట్టేసి చెప్పాడు, నాలుగోది తన ఇంట్లోనే ముసలిదై పోయిందన్నాడు. జిగురక్క ఇంటికొచ్చేసరికి గర్వం సగం దిగిపోయింది. కుతూహలం మాత్రం రెండింతలైంది.

రాయడం మొదలుపెట్టే రోజు ఒక చిక్కు వచ్చింది. పుస్తకం కుట్టాక రాస్తే దగ్గర దగ్గరగా, వంకరగా వస్తుంది. పెద్ద తావు మీద పరిచి రాస్తే చెయ్యి హాయిగా ఆడుతుంది. కానీ పరిచిన తావు మీద పేజీలు వరసలో ఉండవు. ఒకటి పక్కన రెండు ఉండదు. పై వరస పేజీలు తలకిందులుగా ఉంటాయి. మడతలు పడితేనే అవి తిన్నగా నిలబడతాయి. ఏ పేజీ ఎక్కడ రావాలో తెలిసిన మనిషి మడత. జిగురక్క చేతికి వచ్చేవి ఎప్పుడూ మడత పెట్టి ఉన్న కట్టలే.

అయినా దానికి ఉపాయం ఉంది. బీరువా తలుపు లోపలివైపు మడత పెన్సిలుతో గీసిన పటం ఇప్పటికీ ఉంది. రెండు చతురస్రాలు, ఒక్కోదాంట్లో ఎనిమిది గళ్ళు, గడికో అంకె. కింది వరసలో పద్నాలుగు, మూడు, రెండు, పదిహేను. పై వరస తలకిందులు. ఆ పెన్సిలు అంకెలు చూస్తే జిగురక్కకు మనిషే ఎదురుగా ఉన్నట్టనిపించింది. దాన్నిబట్టి రెండు తావులకూ పేజీల అంకెలు వేసింది. రెండో తావుకు ప్రతి అంకెకూ పదహారు కలిపింది.

పని అయ్యాక రోజూ ఒక గంట వెనకగదిలోనే కూర్చుని రాసింది. ఆమె రాత గొప్పది కాదు. ఉన్నది ఉన్నట్టు రాసింది. వాన పరదా గురించి రాసింది. మడతలు నొక్కే వెదురుబద్దతో బన్నురొట్టెను సరిగ్గా సగానికి కోసుకున్న మధ్యాహ్నాల గురించి రాసింది. మూగబోయిన రేడియో నెత్తిన కొడితే పాడేది, ఎవరు కొడితే పాడుతుందన్న పందెం గురించి రాసింది. మెట్లు పదిహేడని రాసి, తాను పద్నాలుగనుకున్న సంగతి కూడా దాచకుండా రాసింది. ఒక పేజీలో ఎప్పుడూ అడగని మాట ఒకటి రాసింది:

"నేను చేరిన కొత్తలో పొద్దున్నే వచ్చేసరికి నా సూదిలో మైనం రాసిన దారం ఎక్కించి ఉండేది. రోజూ. అది నువ్వేనని నాకు తెలుసు. థాంక్స్ చెప్తే నవ్వుతావని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

మూడు వారాలకు రాత పూర్తయింది. సిరా ఆరింది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల తుడిచి, మొదటి తావు పరిచి, కుడి అంచు పట్టుకుని ఎడమవైపుకు మడిచింది. పై అంచు కిందికి దించింది. మళ్ళీ కుడి నుంచి ఎడమకు. వెదురుబద్దతో మడతలు నొక్కి, కట్టను తిప్పి, మొదటి పేజీ చూసింది.

పదమూడు.

తిప్పింది. పద్నాలుగు, పదిహేను, పదహారు. తర్వాత తొమ్మిది. ఆపైన అయిదు. ఒకటో పేజీ చివరెక్కడో పదమూడో చోట చెరబడింది. చిట్టచివర నాలుగు.

మడత పటం తప్పా? పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఫారం వరస తప్పని మనిషి తలుపు మీద తప్పు పటం గీసుకుంటుందా? లేక తానే ఏదో గడి చూడకుండా రాసిందా? తావు విప్పి పటంతో అంకె అంకె సరిచూసింది. ఒక్క తేడా లేదు. మళ్ళీ మడిచింది. మళ్ళీ పదమూడు. ఇంకో తావు లేదు. ముప్పై రెండు పేజీల కాగితం మీద మూడు వారాల రాత ఉంది, అది పుస్తకం కానంటోంది.

గది మూలన ముక్కాలి పీట మీద ముసలి మేస్త్రీ పత్రిక చదువుకుంటున్నాడు. కత్తిరింపు యంత్రం దగ్గర నలభై ఏళ్ళు పనిచేసి, పని మానేశాక కూడా పొద్దున్నే వచ్చి ఆ పీట మీద కూర్చోవడం మానలేదు. ఆయన నోట మంచిమాట విన్న మనిషి ఆ వీధిలో లేడు. ఎవరైనా పని బాగా చేస్తే ఏమీ అనడు, అదే ఆయన మెచ్చుకోలు.

"ఎన్నిసార్లు మడుస్తావు, కాగితం అరిగిపోతుంది" అన్నాడు పత్రిక దించకుండా.

వరస కుదరడం లేదని, పటమే తప్పులా ఉందని ఆమె గొణిగింది. తప్పన్న మాట వినగానే ఆయన పత్రిక దించి లేచి వచ్చాడు. తావును ఒకసారి, తలుపు మీది పటాన్ని ఒకసారి చూశాడు. తర్వాత ఎడమ అంచు పట్టుకుని కుడివైపుకు మడిచాడు. చేతికి అలవాటు లేక అంచులు కాస్త జరిగాయి. పైది కిందికి. మళ్ళీ ఎడమ నుంచి కుడికి. కట్టను ఆమె ముందు పెట్టాడు.

ఒకటి. తిప్పితే రెండు, మూడు, నాలుగు. పదహారుదాకా ఒక్కటీ తప్పలేదు.

"అది ఎడంచేతి మనిషి కదా" అన్నాడు మేస్త్రీ. "నీ పక్కనే పంతొమ్మిదేళ్ళు కూర్చుంది. చూడలేదా?"

ఎడంచేతివాటమని ఆమెకు తెలుసు. రొట్టె కోసేటప్పుడు, రేడియోను కొట్టేటప్పుడు రోజూ చూసిందే. కానీ మడతపెట్టేటప్పుడు ఎప్పుడూ చూడలేదు. అప్పుడు తన కళ్ళు తన సూది మీద ఉండేవి. మేస్త్రీ మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మొదట్లో, జిగురక్క చేరకముందు, అచ్చు అందరికీ వేసినట్టే కుడిచేతి వరసలో వేసేవాళ్ళు. మడత దాన్ని తిప్పి పెట్టుకుని తంటాలు పడేది, రోజుకు సగం ఫారాలు కూడా అయ్యేవి కావు. యజమాని ఆమెను తీసేస్తానన్నాడు. అప్పుడు మేస్త్రీ ఒక తెల్ల కాగితం ఆమె చేతికిచ్చి, నీకు ఎలా చేతనైతే అలా మడిచి అంకెలు వేయమన్నాడు. విప్పితే వచ్చిన పటమే ఆ తలుపు మీదిది. దాన్ని తీసుకెళ్ళి అచ్చు పేర్చేవాడి ముందు పెట్టాడు.

"చెయ్యి మారదు, అచ్చు మార్చు అన్నాను. వారంలో రెట్టింపు పని చేసింది. అంతే." ఆయన వెళ్ళి పత్రిక ఎత్తుకున్నాడు.

జిగురక్క ఆ కట్టను చేతిలో పట్టుకుని నిలబడింది. మేస్త్రీ చూపిన తీరులో మడిచి, కుట్టి పంపేయొచ్చు. అరపూట పని. కానీ ఆమె వేళ్ళు కదలలేదు. ఈ తావులు ప్రపంచంలో ఒక్క మనిషి చేతికే లొంగుతాయి. ఆ మనిషికి అన్నీ కలిసిపోయాయట. అయితే ఆ సంగతి నోటిని ఎందుకు అడగాలి? తావులు మడవకుండానే పంపితే చేతినే అడిగినట్టు.

కట్ట విప్పింది. మడతల గీతలు అన్నీ అవే చోట్ల ఉన్నాయి, వంగే దిక్కే వేరు. సిరా తడవకుండా గీతల మీద మాత్రమే సన్నగా తడి గుడ్డ అద్ది, రెండు చెక్కల మధ్య పెట్టి, పైన ఇటుకలు పేర్చింది. తెల్లారేసరికి గీతలు సాపుగా అణిగాయి.

మిగిలిన పని తేలికే. గట్టి అట్ట వద్దనుకుంది, అది టపాకు వేసే అట్టగొట్టంలో పట్టదు, బరువు కూడా. మడత వదిలేసి వెళ్ళిన నీలం పని అంగీ ఒకటి మేకుకు అలాగే ఉంది. దాని వీపు గుడ్డను ఒక దళసరి కాగితానికి మైదా జిగురుతో అతికింది. అతికే ముందు ఆ కాగితం లోపలివైపు వాళ్ళ వీధి పటం గీసింది. అచ్చాఫీసు, నీలం బల్ల ఉన్న టీకొట్టు, పదిహేడు మెట్ల మేడ, పిల్లి ఎండలో పడుకునే గోడ. గుడ్డ అంటించిన కాగితం ఆరేటప్పుడు చుట్టుకుపోతుంది కాబట్టి అదీ ఇటుకల కిందే ఆరింది. మెత్తటి అట్ట తయారైంది, చుట్టినా విరగదు. వీపు మీద అయిదు రంధ్రాలు పొడిచి పెట్టింది, కట్టలను దానికే నేరుగా కుట్టేయొచ్చు. ఒక సూది, కొవ్వొత్తి ముక్క మీద లాగి మైనం పట్టించిన దారం ఒక చిన్న పొట్లంలో పెట్టింది. చివరికి మడత ఇన్నేళ్ళూ వాడిన వెదురుబద్ద తీసింది. ఎడమ బొటనవేలు ఆనేచోట అది పల్లంగా అరిగిపోయి ఉంది. అది కూడా అన్నాళ్ళూ చూడలేదు.

కుట్టే విధానం ఒక చీటీలో రాసింది. మడతపెట్టే విధానం ఒక్క ముక్క రాయలేదు.

అచ్చాఫీసులో కాగితం చుట్ట అయిపోతే మిగిలే అట్టగొట్టాలు గుట్టగా ఉంటాయి. ఒకటి కోసి, అన్నీ అందులో చుట్టిపెట్టి, రెండు కొసలూ మూసి టపాకు వేసింది. ఈ కానుకకు చేతి నుంచి పడిన డబ్బు ఆ టపా ఖర్చొక్కటే. సాయంత్రం వదిన విని నోరు నొక్కుకుంది. "యాభయ్యో ఏటికి పని పంపావన్నమాట. బాగుంది. కడుపునిండా తినమని బియ్యం పంపినట్టు."

జిగురక్క నవ్వలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాట గుచ్చుకుంది. నిజంగా మరిచిపోయి ఉంటే? కుడి అంచు పట్టుకుంటే? పదమూడో పేజీతో మొదలయ్యే పుస్తకం చూసి, ఇదేదో తప్పుడు కాగితమని పక్కన పడేస్తే?

పుట్టినరోజు వచ్చింది, వెళ్ళింది. ఆ రోజు ఫోను చేస్తే మడత ఎత్తలేదు. ఇంకో వారం గడిచింది. జిగురక్క సూది మీద సూది విరగ్గొట్టింది. మేస్త్రీ పత్రిక మీదుగా చూసి ఏమీ అనలేదు, అది ఆయన జాలి కావచ్చు.

ఒక ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. ఎత్తితే పలకరింపు లేదు. పెద్ద కాగితం పరుచుకున్న గలగల వినపడింది. తర్వాత వెదురుబద్ద మడత మీద జారిన చప్పుడు, బరువుగా ఒకే ఒక్క లాగు. ఆ చప్పుడు పంతొమ్మిదేళ్ళు ఆమె పని వెనక సంగీతం. ఇంకోసారి వినపడింది. మూడోసారి కూడా.

"ఇది రెండో ఫారం" అంది మడత. "మొదటిది నిన్న చేశా. మడవడం ఎలాగో రాయలేదేంటే? మతిమరుపు నీకా నాకా?"

"ఎలా మడిచావు?"

"ఏమో. మంచం మీద పరిచి, ఎలాగబ్బా అని నిలబడ్డా. ఏమీ గుర్తు రాలేదు. తిడదామని ఫోను తీసుకునేలోపు చెయ్యి వెళ్ళి అంచు పట్టుకుంది."

"ఏ అంచు?"

"ఎడమది. ఇంకేది?"

అవతల మడత అన్నాళ్ళకు తన సంగతి చెప్పింది. అక్కడ యంత్రం దుప్పట్లు తోస్తుంది, పట్టుకుని దొంతర పెట్టడమే పని. కొన్నేళ్ళుగా మడత పెట్టేది కూడా యంత్రమే. రోజులన్నీ ఒకే తెల్ల దుప్పటిలా ఉంటాయి. వానలో ఫోను వచ్చిన రోజు నిజంగానే ఏమీ గుర్తు రాలేదు, ఆ భయంతోనే పెట్టేసింది. మతి పోతోందేమోనని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అర్థమవుతోంది, తలకు కాదు, చేతికి పని లేకపోయింది.

"చదివావా?" అంది జిగురక్క.

"లేదు. కుట్టి, అంచులు కోసి, అప్పుడు. నీ కుట్టు నాకు రాదని నవ్వకు."

రెండు నెలలకు అదే అట్టగొట్టం వెనక్కి వచ్చింది. లోపల పుస్తకం. కుట్టు వంకరగా ఉంది, ముడి కోడిగుడ్డంత ఉంది. కుడి పేజీలన్నీ నిండిపోయాయి. జిగురక్క పని ఆపి, బల్ల దగ్గరే నిలబడి చదివింది.

వాన పేజీకి ఎదురుగా ఇలా ఉంది: "పరదా పట్టుకున్నది నేనూ మేస్త్రీ గారూ. నువ్వు టీకొట్టులో ఉన్నావు, వాన తగ్గాక వచ్చి అయ్యో అన్నావు." మెట్ల పేజీకి ఎదురుగా: "పదిహేడే. కానీ విరిగిన మెట్టు దూకేవాళ్ళం, కాబట్టి మనకు పదహారు." ఫోటో గురించి, కళ్ళు ఎందుకు మూసుకుందో రాసింది. అప్పుడు వెనకనుంచి గిల్లిందెవరో జిగురక్కకు తెలియనట్టు నటించవద్దని కూడా రాసింది. సూది పేజీకి ఎదురుగా రెండు వాక్యాలే ఉన్నాయి:

"నేను కాదే. నా వెదురుబద్ద కూడా పొద్దున్నే నున్నగా రుద్ది ఉండేది, అది నువ్వనుకున్నాను."

జిగురక్క ఆ పేజీని మూడుసార్లు చదివింది. తర్వాత తల తిప్పి మూలకు చూసింది. అందరికంటే ముందు వచ్చి గది తాళం తీసిన మనిషి ముప్పై ఏళ్ళుగా ఒక్కడే.

పుస్తకం తెరిచి పట్టుకుని ముక్కాలి పీట దగ్గరికి వెళ్ళి, పత్రికకూ ఆయనకూ మధ్య పెట్టింది. మేస్త్రీ కళ్ళజోడు జరుపుకుని రెండు పేజీలూ చదివాడు. తొందరపడలేదు.

"మీరా?"

"సూది దారం ఎక్కించుకోవడానికి నీకు పావుగంట పట్టేది" అన్నాడాయన. "కబుర్లు చెప్పుకుంటూ. పని ఆలస్యమవుతుందని ఎక్కించాను." పేజీ కాస్త వెనక్కి జరిపి కుట్టు చూశాడు. "ఈ ముడి ఎవరు వేశారు?"

"మడత."

"కుట్టు రాదు" అన్నాడు. మడతపెట్టిన అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా లాగాడు. ఎక్కడా వెంట్రుకవాసి జరగలేదు. ఏమీ అనలేదు.

పుస్తకంలో చివరి పేజీ, ముప్పై రెండోది, ఇద్దరిలో ఎవరూ రాయలేదు. జిగురక్క దాన్ని ఆయన మోకాలి మీద తెరిచి పెట్టి, తన చెవి వెనక ఉన్న పెన్సిలు తీసి చేతికిచ్చింది. గురువారం టపాకు వెయ్యాలని, అంతలోపు ఏదో ఒకటి రాయమని చెప్పి తన కొసకు వెళ్ళి కూర్చుంది. ఆయన పెన్సిలును అటూ ఇటూ తిప్పి మొన చూశాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి, ముందు దాన్ని చెక్కడం మొదలుపెట్టాడు.